కాల్‌లో లేని చెల్లికి ఏం రాయాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. నాన్నగారు పోయి రెండేళ్లయింది. ముత్తాత నాటి పొలం 1.80 ఎకరాలు, నాన్న కొన్నది 1.20, కొబ్బరితోట, పెంకుటిల్లు ఉన్నాయి. పోయిన ఆదివారం రాత్రి అమ్మ, అన్నయ్య, వదిన, బాబాయి, నేను వీడియో కాల్‌లో ఆస్తి సంగతి మాట్లాడుకున్నాం. డాలస్‌లో ఉన్న చెల్లికి అప్పుడు డ్యూటీ, కాల్‌లోకి రాలేదు. జరిగిందంతా రాసి దానికి వాట్సాప్‌లో పంపమని, "సరే" అనిపిస్తే పని అయిపోతుందని అన్నయ్య అంటున్నాడు. నేను రాసే ఆ మెసేజ్‌కి చట్టంలో ఏమైనా విలువ ఉంటుందా? రేపు నా మెడకి చుట్టుకుంటుందా? ఎలా రాయమంటారు?

జవాబు:

మీ అన్నయ్యగారి మాటలో సగం తప్పు, సగం ప్రమాదం. చెల్లెలు వాట్సాప్‌లో "సరే" అన్నంత మాత్రాన ఆమె వాటా ఒక్క సెంటు కూడా మీ ఇద్దరికీ రాదు. వంద రూపాయలు, అంతకు మించి విలువ చేసే స్థిరాస్తిలో హక్కు వదులుకునే కాగితం ఏదైనా రిజిస్టర్ కావాల్సిందేనని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతుంది. అది తప్పు సగం. ఇక ప్రమాదం ఏమిటంటే, హక్కు మారకపోయినా ఆ మెసేజ్ సాక్ష్యంగా మిగిలిపోతుంది. రేపు పంపకాల దావా పడితే "అన్నీ తెలిసే ఒప్పుకుంది" అని ఒకరు, "నాకు సగమే చెప్పి ఒప్పించారు" అని మరొకరు అదే మెసేజ్‌ని చూపిస్తారు. రాసిన చెయ్యి మీది కాబట్టి బోనులో నిలబడేది మీరు. పైగా మీరు కూడా వాటాదారే. చెల్లెలికి తగ్గిన ప్రతి సెంటూ మీ ఇద్దరికీ పెరుగుతుంది. అందుకే క్రియాపదం దగ్గర జాగ్రత్త పడమంటున్నాను.

"పొలం ఇలా పంచుకున్నాం" అని రాస్తే పంపకం అయిపోయినట్టు. "ఇలా పంచుకుందామని అన్నయ్య అన్నాడు" అని రాస్తే అది ఒకరి ప్రతిపాదన. జరిగింది రెండోదే. ఒక వాటాదారు లేకుండా మిగతావాళ్లు ఎంతసేపు మాట్లాడుకున్నా అది పంపకం కాదు, మాటలు మాత్రమే.

ఇక్కడ ఊళ్లలో ఒక అలవాటు ఉంది. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తెల్లకాగితం మీద "పంచుకున్నాం" అని రాసి సంతకాలు పెట్టేస్తారు. కుటుంబ ఒప్పందం నోటిమాటగా జరగొచ్చని, జరిగిపోయినదాన్ని గుర్తు కోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. దాన్ని పట్టుకుని చాలామంది ధైర్యపడతారు. కానీ ఒప్పందం అందరి మధ్యా ముందే నిజంగా జరిగి ఉండాలి. ఆ కాగితంతోనే పంపకం పుడుతున్నట్టుంటే రిజిస్టర్ కావాలి, కాకపోతే పంపకానికి రుజువుగా కోర్టు తీసుకోదు. మీ ఇంట్లో పంపకం ఇంకా జరగలేదు కాబట్టి మీ మెసేజ్‌ని ప్రింటు తీసి "గుర్తు కాగితం" అని సంతకాలు పెట్టించే ఆలోచన ఎవరికైనా వస్తే ఆపండి.

రెండో జాగ్రత్త, ఎవరు ఏమన్నారన్నది వేరుగా, నిజం ఏమిటన్నది వేరుగా పెట్టడం. ఇలాంటి కాల్స్‌లో సాధారణంగా మూడు మాటలు దొర్లుతాయి. మీ ఇంట్లోనూ దొర్లే ఉంటాయి. "దాని పెళ్లికి అంత పెట్టాం, ఇంకేం వాటా?" అన్నది మొదటిది. పెళ్లికి ఇచ్చిన బంగారం, కట్నకానుకలు చట్టం ప్రకారం ఆస్తి వాటాని తుడిచెయ్యవు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు వచ్చింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టిపరిచింది. "నాకేమీ వద్దు, పిల్లలకే" అని అమ్మగారు అనడం రెండోది. మనసులోంచి వచ్చినా, నోటిమాటతో ఆవిడ వాటా పోదు. "వీలునామా ఉందట" అని బాబాయిగారో మరొకరో అనడం మూడోది. ఉందో లేదో చూపించేదాకా అది "అట" మాత్రమే. నిజంగా ఉంటే మాత్రం నేను కింద వేసిన లెక్క మారిపోతుంది.

వీలునామా లేదనుకుని మీ పొలం వరకు లెక్క చూద్దాం, ఎందుకంటే చెల్లెలు దేనికి "సరే" అంటోందో ఆమెకి అంకెల్లో తెలియాలి. 1.20 నాన్నగారు సొంతంగా కొన్నది. అది అమ్మకి, ముగ్గురు పిల్లలకి సమానంగా, తలా 30 సెంట్లు. 1.80 మాత్రం కాస్త తికమక. ముత్తాత నాటి పొలం, తాతగారు బతికుండగా అన్నదమ్ముల పంపకంలో నాన్నగారికి వచ్చిందనుకుందాం. అప్పుడు ముందు నాన్న, ముగ్గురు పిల్లలు కలిపి నాలుగు వాటాలు, తలా 45 సెంట్లు. నాన్నగారి ఆ 45ని మళ్లీ అమ్మ, ముగ్గురు పిల్లలు పంచుకుంటారు, తలా పదకొండుంపావు. అంటే చెల్లెలికి 1.80లో 56.25, 1.20లో 30, మొత్తం 86.25 సెంట్లు. అమ్మగారికి 41.25. అదే 1.80 తాతగారి స్వార్జితమై, 1956 తర్వాత వీలునామా లేకుండా ఆయన పోయాక నాన్నగారికి వచ్చి ఉంటే, అది నాన్నగారి సొంత ఆస్తి కిందే లెక్క, నలుగురికీ తలా 45. అప్పుడు చెల్లెలికి మొత్తం 75 సెంట్లు, అమ్మకీ 75. ఆ తేడా కాగితంలోంచే తేలాలి. అందుకే మెసేజ్‌లో "పిత్రార్జితం" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. దస్తావేజు ఏ సంవత్సరానిది, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది అన్నది రాయండి. తోటకీ ఇంటికీ అంతే.

కొలతల దగ్గర కూడా ఇబ్బంది ఉంటుంది. మనవైపు పది సెంట్లని కుంచం అంటాం. పెద్దవాళ్లు కాల్‌లో "కాలవ పక్క పద్దెనిమిది కుంచాలు" అనేసి ముందుకెళ్లిపోతారు. డాలస్‌లో కూర్చున్న అమ్మాయికి ఏ చెక్కో చూపులో మెదులుతుందేమో గానీ సర్వే నంబరు మెదలదు. సెంట్లలో, సర్వే నంబరుతో రాయండి. రీసర్వే జరిగిన ఊరైతే కొత్త ఎల్‌పీఎం నంబరు కూడా జోడించండి. పుంత మీదుగా ఏ చెక్కకి దారి ఉంది, ఏది బోదె చివర్లో ఉంది అన్నది మీకు తెలుసు. ఆమెకి గుర్తుండకపోవచ్చు, ధరలో తేడా మాత్రం బాగా వస్తుంది.

నేనైతే ఇలా రాస్తాను, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి:

"చెల్లీ, ఆదివారం రాత్రి ఎనిమిదింటికి అమ్మ, అన్నయ్య, వదిన, బాబాయి, నేను కాల్‌లో ఉన్నాం. నువ్వు లేవు కాబట్టి ఏదీ ఖాయం చెయ్యలేదు. అన్నయ్య అడిగింది: ఇల్లు, తోట, 1.20 పొలం తనకి, 1.80 నాకు, నీకు మేమిద్దరం కలిపి 20 లక్షలు. ఆ డబ్బు ఎప్పుడు, ఎవరు ఎంత అన్నది ఎవరూ చెప్పలేదు. నీ పెళ్లి ఖర్చు లెక్కలోకి తియ్యాలని అన్నయ్య అన్నాడు. నేనప్పుడు ఏమీ అనలేదు. అమ్మ తనకేమీ వద్దంది. నాన్న వీలునామా రాశాడని విన్నానని బాబాయి అన్నాడు, కాగితం ఎవరూ చూపించలేదు. రెండు దస్తావేజులు, 1బి, ఈసీ ఫొటోలు దీంతో పంపుతున్నాను. తోట, ఇంటి కాగితాలు అన్నయ్య దగ్గర ఉన్నాయి, నేనింకా చూడలేదు. నువ్వు ఎవరైనా లాయర్‌కి చూపించుకో. నీ మాట చెప్పేదాకా మేము ఏ కాగితం మీదా సంతకం పెట్టం. ఇదే అందరికీ గ్రూపులో పెడుతున్నాను, నేను తప్పు రాసుంటే అక్కడే చెప్పండి."

"నేనప్పుడు ఏమీ అనలేదు" అన్న వాక్యం రాయడానికి మనసొప్పదని నాకు తెలుసు. అయినా ఉంచండి. నేను చూసిన ఒక దావాలో తమ్ముడు రాసిన మెసేజ్‌లో అందరి మాటలూ ఉన్నాయి, అతని మౌనం ఒక్కటే లేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అరగంట దాని మీదే నడిచింది.

మెసేజ్ పంపాక తప్పు కనిపిస్తే పాతది చెరపకండి, ఎడిట్ చెయ్యకండి. కింద "సవరణ" అని మరొకటి పెట్టండి. ఫోన్ మార్చినా చాట్ పోకుండా చూసుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ ప్రకారం ఇలాంటి మెసేజ్‌లని కోర్టులో పెట్టాలంటే 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అసలు ఫోన్, అసలు చాట్ దగ్గరుంటే ఆ పని తేలిక. ఎవరైనా కాల్ రికార్డు చేసి ఉంటే ఆ ఫైలుకీ ఇదే వర్తిస్తుంది. చెల్లెలు మెసేజ్‌కి బొటనవేలి ఎమోజీ గుర్తు పెడితే దాన్ని ఒప్పుకోలుగా తీసుకోవద్దు. చదివానన్నదానికి కూడా అదే గుర్తు పెడతారు.

నిజంగా అందరూ ఒప్పుకున్నాక చేయాల్సింది రిజిస్టర్ పంపకాల దస్తావేజు. ఆమె భూమి వద్దని డబ్బే తీసుకుంటే హక్కు విడుదల దస్తావేజు, డబ్బు బ్యాంకు ద్వారా ఇచ్చినట్టు అందులోనే రాసుకుని. ఆమె రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అక్కడి నోటరీ దగ్గర గానీ, భారత కాన్సులేట్‌లో గానీ సంతకం పెట్టాలి. నోటరీ దగ్గరైతే అపోస్టిల్ కూడా వేయించుకుంటే ఇక్కడ అడ్డు చెప్పరు. కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి, ఇది చాలామంది మర్చిపోయి మళ్లీ మొదటికొస్తారు. జనరల్ పవర్ అడగొద్దు, ఆమె ఇవ్వనూ వద్దు. ఫలానా దస్తావేజు మీద సంతకం వరకే, డ్రాఫ్టు జతచేసి ఇచ్చే స్పెషల్ పవర్ చాలు. అది కూడా భూమి తీసుకునే అన్నదమ్ముల పేరు మీద కాకుండా, ఆమె నమ్మిన మరొకరి పేరు మీద అయితే మీకే మంచిది.

ఒక సంగతి మీరూ రాయలేదు, బహుశా కాల్‌లోనూ ఎవరూ ఎత్తలేదు. రెండేళ్లుగా ఆ మూడెకరాల మక్తా ఎవరు తీసుకుంటున్నారు? పంపకం అయ్యేదాకా సార్వా, దాళ్వా రెండింటి మక్తాలోనూ చెల్లెలికీ అమ్మకీ వాటా ఉంది. ఎన్ని బస్తాలు వచ్చాయి, కొబ్బరి డబ్బు ఎంత, శిస్తుకి ఎంత పోయింది అన్నది లెక్క రాసి ఆ మెసేజ్ కిందే పెట్టండి.