అన్నం, పప్పులో ఒంటబట్టే ప్రోటీన్ ఎంత?

"పూటకు బియ్యం 150, కందిపప్పు 15 గ్రాములు. ప్యాకెట్ లెక్కన ప్రోటీన్ 15 గ్రాములు. అంతా అందినట్టేనా?"

లేదండి, 11 గ్రాములే అనుకోండి. ప్రోటీన్ ఒంటబట్టాలంటే అందులోని అత్యవసర అమైనో ఆమ్లాలన్నీ సరిపడా ఉండాలి. ఇక్కడ లోటు వాటిలో ఒకటైన లైసిన్‌ది కాబట్టి దాన్నే కొలవాలి. గ్రాము ప్రోటీన్‌కు బియ్యంలో సుమారు 36, కందిపప్పులో 66 మిల్లీగ్రాముల లైసిన్ ఉంటుంది. మీ బియ్యంలోని 12 గ్రాముల ప్రోటీన్‌కు 432, పప్పులోని 3.3కు 218, మొత్తం 650. అందులో 80 శాతం అరుగుతుందనుకుంటే 520. పెద్దవాళ్లకు గ్రాము ప్రోటీన్‌కు కావాల్సిన 48 మిల్లీగ్రాముల లైసిన్‌తో భాగిస్తే 10.8 గ్రాములు.

ప్రోటీన్ నాణ్యతకు బియ్యానికో స్కోరు, పప్పుకో స్కోరు విడిగా కట్టి కలిపితే తప్పొస్తుంది. పప్పులోని మిగులు లైసిన్ బియ్యం లోటును పూడ్చే సంగతి ఆ లెక్కకు అందదు. తూకం మాత్రం నానబెట్టకముందే వేయండి, ఉడికాక అందులో సగానికి పైగా నీళ్లే. పప్పుచారు పలచన తగ్గించి బియ్యం 100, పప్పు 45 చేసుకుంటే ఇదే లెక్కలో 15 దాటుతుంది.