బుజ్జికి, కస్టమర్ పేరాను నాలుగు లైన్లు చేయడం గురించి

విజయవాడ
ఆదివారం పొద్దున్న

బుజ్జీ,

ఉద్యోగం మానేసి గుంటూరు అరండల్‌పేటలో గది అద్దెకు తీసుకున్నావని, షాపులకు ఏఐతో బొమ్మలు చేసి ఇస్తావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్లో చెప్పాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. గవర్నర్‌పేటలో సందు మొదట్లో నేను బ్రష్ పట్టుకుని బోర్డులు రాసిన రోజులు గుర్తొచ్చాయి. మన ఇంట్లో మళ్లీ ఒకరు బొమ్మలు వేస్తున్నారంటే గుండె నిండిపోయింది. నాకు ముందే చెప్పలేదని కోపం కూడా వచ్చింది. పెదనాన్న ముసలాడైపోయాడు, ఈ కొత్త మెషిన్ల సంగతి ఆయనకేం తెలుసనుకున్నావా? మూడేళ్లుగా నేను చేస్తున్నదీ ఇదే పని.

ఆ తర్వాత నువ్వు పంపిన పేరా చదివాను. కారం షాపాయన రాసింది అలాగే కాపీ చేసి మెషిన్‌కు ఇచ్చావట, బొమ్మ గందరగోళంగా వచ్చిందట. రాకేం చేస్తుంది? ఆయన రాసింది నీ కోసం, మెషిన్ కోసం రాయలేదు. ఆ పేరా నాకు నోటికొచ్చేసింది. "మాది మూడు తరాల కారం వ్యాపారం. మిరపకాయ ఎర్రగా మెరవాలి. ఆడవాళ్లు కాయలు ఏరుతూ ఉండాలి, పక్కన రోట్లో దంచుతూ ఉండాలి. వెనక కొండవీడు కొండలు, ట్రాక్టరు, మా షాపు, సూర్యోదయం ఉండాలి. నమ్మకం కనపడాలి. పాతకాలంలా ఉండాలి కానీ మోడ్రన్‌గా ఉండాలి. జనం ఎక్కువ వద్దు. షాపు పేరు పెద్దగా రావాలి. పది బై ఆరు ఫ్లెక్సీ."

ముందు ఒక కాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయి. ఎవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఏ తీరులో. పేరాలోని ఒక్కో మాటను తీసి దాని గడిలో వెయ్యి. ఏ గడిలోనూ పట్టని మాటలు పక్కన రాసి పెట్టుకో. అసలు కష్టం వాటితోనే, కాసేపట్లో చెప్తాను.

ఎవరు అన్న గడిలో ఒక్కరినే ఉంచు. "జనం ఎక్కువ వద్దు" అని ఆయనే అన్నాడు కదా. ఆ మాటను మాత్రం మెషిన్‌కిచ్చే ప్రాంప్ట్‌లో అలాగే రాయకు. జనం వద్దని రాస్తే చాలాసార్లు వెనకాల జనమే వచ్చి నిలబడతారు, ఎందుకంటే మెషిన్‌కు "జనం" అన్న మాట అందుతుంది, "వద్దు" అన్నది సరిగా అందదు. ఉన్నదే చెప్పు: ఒక్క మనిషి, యాభై దాటిన ఆడమనిషి. చీర రంగు తప్పకుండా రాయి. రాయకపోతే మిరపకాయల ఎరుపు చీరకు కూడా పాకి, అంతా ఒకే ముద్దగా వస్తుంది. లేత తెలుపు చీర, నీలం అంచు అని చీర పక్కనే రంగు రాస్తే ఎరుపు కాయలకే ఉంటుంది.

ఏం చేస్తున్నారన్న గడిలో ఒకే పని. ఏరడం, దంచడం రెండూ పెడితే ఒక చేయి కాయల్లో, ఒక చేయి రోకలి మీద పెట్టి నీకు మూడో చేయి కూడా తెచ్చిస్తుంది. బొమ్మంటే ఒక్క క్షణం. తాలు కాయలు ఏరడం తీసుకో. ఎర్ర కాయల్లోంచి తెల్లబడ్డ కాయ ఏరి పక్కన పడేసే చెయ్యి చూస్తే గుంటూరోళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన కోరిన "నమ్మకం" కూడా ఆ చేతిలోనే ఉంది చూడు.

ఎక్కడ అన్న గడిలో కల్లం, సూర్యోదయం, దూరాన కొండలు చాలు. ట్రాక్టరు, షాపు తీసేయి. ఎందుకు తీసేశావో ఆయనకు చెప్పి తీసేయి. షాపు పేరు మెషిన్ చేత రాయించకు, తెలుగు అక్షరాలు చాలాసార్లు వంకర్లు పోతాయి. పైన ఎడమ పక్కన ఖాళీ ఆకాశం అడుగు, పేరు నువ్వే ఫోటోషాప్‌లో మంచి ఫాంటుతో పెట్టు. పది బై ఆరు కూడా మాటల్లో రాయొద్దు. సైజు పెట్టే చోట 5:3 పెట్టు.

అదంతా కలిపితే ఇంతే:

```
Subject: one South Indian woman, about 55,
  off-white cotton saree with blue border
Action: sitting on a low stool, picking pale
  chillies out of a heap of dry red ones
Setting: open drying yard at sunrise, low rocky
  hills far behind, empty sky at upper left
Style: realistic photograph, warm side light,
  sharp hands, soft background
```

నాలుగు బొమ్మలు తీసి పక్కపక్కన పెట్టు. ఒకే తప్పు నాలుగింట్లోనూ ఉంటే లైన్లోనే తప్పుంది. ఒక్కదాంట్లోనే ఉంటే అది ఆ బొమ్మ రాత, మళ్లీ తీస్తే పోతుంది. దిద్దేటప్పుడు, మెషిన్ బొమ్మను ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే సీడ్ నంబరు మార్చకుండా ఒక్క లైనే మార్చు. రెండు లైన్లు ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో నీకు తెలియదు. ఇవన్నీ నీకు రెండు వారాల్లో వచ్చేస్తాయి.

నాకు భయమంతా ఆ నాలుగో లైను, అదే తీరు లైను గురించే. అందుకే ఈ ఉత్తరం. మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ చెప్పని సంగతి చెప్తాను.

2023 ఎండాకాలం. వన్‌టౌన్‌లో ఒక పచ్చళ్ల షాపాయన వచ్చాడు. పేరు ఎందుకులే. నీ కారం షాపాయన లాగే పెద్ద పేరా రాసిచ్చాడు. "చిన్నప్పుడు ఎండాకాలం వస్తే మా అమ్మ డాబా మీద ఆవకాయ కలిపేది. మేమంతా చుట్టూ చేరేవాళ్లం. మొదటి ముద్ద నా నోట్లోనే పెట్టేది. ఆ రోజులు గుర్తొచ్చేలా ఉండాలి." నాకు కళ్లు చెమర్చాయి. మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, గుర్తొచ్చింది. ఆ తడి కళ్లతోనే లైన్లు రాశాను. ఎవరు: ముసలమ్మ. ఏం చేస్తోంది: జాడీలో ఆవకాయ కలుపుతోంది. ఎక్కడ: డాబా మీద. తీరు దగ్గరకొచ్చేసరికి "ఆ రోజులు గుర్తొచ్చేలా" అన్న మాటను పట్టుకుని, పాత వెలిసిపోయిన ఫోటో, గోధుమరంగు, అంచులు మసగ్గా అని రాశాను.

బొమ్మ ఎంత బాగా వచ్చిందో! మొదటిసారికే వచ్చింది. అంత బాగుందని ఆయనకు చూపించడానికి కూడా ఆగలేదు. నేరుగా ప్రింటుకిచ్చి శనివారం సాయంత్రం షాపుకు ఎదురుగా కట్టించాను.

ఆదివారం పొద్దున్నే ఆయన ఫోన్. గొంతు పలకడం లేదు. ఊళ్లోంచి చుట్టాలు ఫోన్ చేస్తున్నారట, అమ్మ ఎప్పుడు పోయింది, మాకు కబురు పెట్టలేదేంటని. ఆమె బతికే ఉంది బుజ్జీ. షాపు పైన మేడ మీదే ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో కిందకు దిగలేదు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఫ్లెక్సీ ఆమెకు ఎదురుగానే కనపడుతోంది. నన్ను చూసి, "నాయనా, ఇంక దండ వెయ్యడం ఒక్కటే మిగిలింది" అంది. కోప్పడలేదు. అరిచి ఉంటే బాగుండేది.

నిచ్చెన తెప్పించుకుని నా చేతులతో విప్పాను. డబ్బు తీసుకోలేదు. తర్వాత ఆమె దగ్గరే కింద కూర్చుని, అమ్మా, ఆ రోజుల్లో డాబా మీద కంటికి ఏం కనపడేదో చెప్పండి అని అడిగాను. ఆ ప్రశ్న మొదటి రోజే వాళ్లబ్బాయిని అడగాల్సింది. పసుపు మరకలున్న పింగాణీ జాడీ, మూతికి కట్టిన తెల్లటి వాసెన గుడ్డ, ఎర్రబడ్డ చేతులకు పచ్చ గాజులు, పక్కన పళ్లెంలో అన్నం, దాని చుట్టూ పిల్లల చేతులు. అవన్నీ ఎవరు, ఎక్కడ అన్న లైన్లలోకి వెళ్లాయి. తీరు లైన్లో గోధుమరంగు కొట్టేసి, ఎండాకాలం పొద్దుటి వెలుతురు, నిండు రంగులు అని రాశాను. మిగతా లైన్లలో మనిషిని, పనిని ముట్టుకోలేదు. అదే ముసలమ్మ, అదే ఆవకాయ, కానీ ఈసారి బతికున్న మనిషి కనపడింది. కొత్తది కట్టిన రోజు ఆమె తన గాజులు చూసుకుని నవ్వింది.

నేను చేసిన తప్పు ఏంటో ఆ రాత్రి కూర్చుని ఆలోచించాను. "గుర్తొచ్చేలా" అన్నది చూసేవాడి మనసులో జరగాల్సింది. బొమ్మ రంగు గురించి ఆయన ఒక్క మాటా అనలేదు. నేనే దాన్ని రంగు చేసేశాను. "కలిపేది", "పెట్టేది" అని జరిగిపోయినట్టు రాశాడు కాబట్టి ఆమె లేదనుకున్నాను. ఆ బొమ్మలో ముఖం ఆమెది కూడా కాదు. అయినా చుట్టాలందరూ ఆమే అనుకున్నారంటే, తీరు లైను ఒక్కటే మొదటి లైన్లోని మనిషిని మార్చేసింది.

ఇప్పుడు నీ కాగితం పక్కన రాసిపెట్టిన మాటలు చూడు. "నమ్మకం" కాయలు ఏరే చేతిలో దొరికిందని చెప్పాను. ఇంకా "పాతకాలం", "మోడ్రన్", "మూడు తరాలు" ఉన్నాయి. వీటిని నువ్వే తీరు లైన్లో వేసేయకు తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటాను. ఆయన్ని కూర్చోబెట్టి, పాతకాలం అంటే మీ కంటికి ఏం కనపడాలండీ అని అడుగు. రోలు అంటే ఒక మూలన రోలు పెడదాం. మట్టి గోడ అంటే గోడ పెడదాం. మోడ్రన్ అంటే ఏంటని అడిగితే చాలామంది శుభ్రంగా, వెలుతురుగా ఉండాలంటారు. అది చెప్పాక తీరు లైను దానంతటదే తేలిపోతుంది, పాతకీ కొత్తకీ గొడవ ఉండదు.

నాలుగు లైన్లూ తెలుగులో రాసుకుని ఆయనకు చదివి వినిపించు. బొమ్మ తీయకముందే వినిపించు. ఆయన ఎక్కడ ఆగి "ఆఁ?" అంటాడో అక్కడే నువ్వు ఊహించి రాసింది ఉంటుంది. ప్రింటుకు ఇచ్చేముందు బొమ్మ ఆయన ఒక్కడికే కాకుండా ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చూపించమను. నా లాగా శనివారం సాయంత్రం హడావుడి పడకు.

నేను పైన రాసిన ప్రాంప్ట్‌లో యాభై దాటిన ఆడమనిషి అని పెట్టాను కదా. అది కూడా నా ఊహే. మూడు తరాలంటున్నాడు, మొదటి తరం ఆయన నాయనమ్మో, తాతయ్యో మనకు తెలియదు. రేపు షాపు తెరిచేలోపే ఫోన్ చెయ్యి. ఆ వ్యాపారం మొదలుపెట్టింది ఎవరు, వాళ్లు ఇప్పుడు ఉన్నారా, ఉంటే బొమ్మలో వాళ్లలాంటి మనిషి కనపడటం వాళ్లకు ఇష్టమేనా అని అడుగు. ఆయన చెప్పింది నాకు పంపితే మొదటి లైను ఇద్దరం కలిసి రాద్దాం.

పెద్దమ్మ గోంగూర పచ్చడి, నాలుగు పాత దుప్పట్లు సర్దింది. సాయంత్రం బస్సులో నేనే తీసుకొస్తున్నాను. ఆ గదిలో ఫ్యాను తిరుగుతోందో లేదో నా కళ్లతో చూడాలి.

మీ పెదనాన్న