సన్యాసి పూర్వనామం మీద మిగిలిపోయిన భూమి: ఇద్దరూ ఒకరేనని ఎలా నిరూపించాలి?

ప్రశ్న: మాది కనిగిరి ప్రాంతం. మా పెదనాన్నగారు పెళ్లి చేసుకోలేదు. 1974లో సొంత డబ్బుతో మూడున్నర ఎకరాల మెట్ట కొని, 1979లో ఒక ఆశ్రమంలో సన్యాసం పుచ్చుకున్నారు. 2023లో స్వామీజీ పేరుతోనే సిద్ధి పొందారు. మరణ ధ్రువపత్రంలో తండ్రి పేరు దగ్గర గురువుగారి పేరుంది. పొలం ఇంకా పాత పేరునే ఉంది. మ్యుటేషన్‌కు వెళితే ఇద్దరూ ఒకరేనని రుజువు తెమ్మన్నారు. తాతయ్య 1968లో, నాయనమ్మ 1991లో, మా నాన్న 2015లో పోయారు. మేనత్త ఉంది. పెళ్లితో ఆమె ఇంటిపేరు మారింది, తర్వాత బాప్తిస్మం తీసుకుని పేరు కూడా మార్చుకుంది. ఆమెకు వాటా ఉంటుందా? ఆశ్రమం వాళ్లు పొలం తమదంటున్నారు. అసలు ఇలాంటి పెద్దల పూర్వనామం ఏ కాగితాల్లో దొరుకుతుంది?

జవాబు: పేరు మారినంత మాత్రాన ఎవరికీ హక్కు పోదు, కొత్తగా రాదు. ఆ పేరు ఏ సంఘటనతో మారింది, ఆ సంఘటన ఏ తేదీన జరిగింది అన్నవే వారసత్వాన్ని నిర్ణయిస్తాయి. మీ విషయంలో తేదీ మారితే వారసులే మారిపోతారు కనుక ముందు ఆ సంగతి చూసి, తరువాత కాగితాల దగ్గరకు వద్దాం.

హిందూ ధర్మశాస్త్రం ప్రకారం పూర్తి సన్యాసం పుచ్చుకున్న వ్యక్తికి లౌకికంగా మరణం సంభవించినట్టే లెక్క. ఆ రోజే ఆయన పూర్వాశ్రమ ఆస్తి కుటుంబంలోని వారసులకు సంక్రమిస్తుంది. అయితే కాషాయం కట్టినంత మాత్రాన, స్వామి అని పిలిపించుకున్నంత మాత్రాన సరిపోదని కృష్ణసింగ్, మథురా ఆహిర్ కేసులో (ఏఐఆర్ 1980 సుప్రీంకోర్టు 707) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆయన లౌకిక ఆస్తులను, బంధాలను నిజంగా విడిచిపెట్టినట్టు చూపాలి. సంప్రదాయ సన్యాసమైతే విరజాహోమం, పిండప్రదానం వంటి కర్మలు జరిగినట్టు కూడా రుజువు కావాలి. ఆ రోజు తన పిండం తానే పెట్టుకున్న మనిషి ఇక ఇంటికి కొడుకు కాడు.

ఇప్పుడు మీ కుటుంబం లెక్క చూడండి. 1979లో జరిగింది పూర్తి సన్యాసమని రుజువైతే, పెళ్లి గాని పిల్లలు గాని లేని మీ పెదనాన్నగారికి హిందూ వారసత్వ చట్టం మొదటి తరగతి వారసురాలు ఆయన తల్లి, అంటే మీ నాయనమ్మగారు ఒక్కరే. మూడున్నర ఎకరాలూ అప్పుడే ఆమెకు చేరాయి. 1991లో ఆమె వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆమె ఆస్తి అదే చట్టం 15వ సెక్షన్ కింద మీ నాన్నగారికి, మేనత్తగారికి చెరి సగంగా, ఎకరా డెబ్బై అయిదు సెంట్ల చొప్పున వస్తుంది. మీ నాన్నగారి సగం మీ అమ్మగారు, మీరు, మీ తోబుట్టువులు పంచుకుంటారు. అలా కాక ఆయన ఆశ్రమంలో ఉంటూ కూడా పొలం శిస్తు కడుతూ, కౌలు తీసుకుంటూ, బ్యాంకులో పాత పేరుతో అప్పు తెచ్చుకుంటూ గడిపారని తేలితే, కోర్టు ఆ సన్యాసాన్ని లౌకిక మరణంగా అంగీకరించకపోవచ్చు. అప్పుడు వారసత్వం 2023లో తెరుచుకున్నట్టు అవుతుంది. ఆనాటికి బతికి ఉన్న చెల్లెలు రెండో తరగతి వారసుల్లో రెండో అంతస్తులో ఉన్నారు, తమ్ముడి కొడుకైన మీరు నాలుగో అంతస్తులో ఉన్నారు. పై అంతస్తులో ఒక్కరున్నా కింది వారికి ఏమీ రాదు కనుక, పొలం మొత్తం మేనత్తగారిదే అవుతుంది. కనుక దీక్ష జరిగిన తేదీ, దాని స్వరూపం మీకు ప్రాణప్రదమైనవి. వాటిని రుజువు చేయగలిగిన పెద్దలు ఎవరైనా బతికి ఉంటే, ఆలస్యం చేయకుండా వారి మాటను ప్రమాణ పత్రంగా రాయించుకోండి.

ఆశ్రమం వాదనకు మొదటి సందర్భంలో బలం లేదు. సన్యాసానికి ముందున్న ఆస్తి పూర్వాశ్రమ వారసులది, సన్యాసం తరువాత ఆర్జించినది గురుశిష్య పరంపరకు చెందుతుంది. 1974 నాటి క్రయం మొదటి కోవలోదే. రెండో సందర్భంలోనైనా ఆయన రిజిస్టరు దానపత్రమో, చెల్లుబాటయ్యే వీలునామానో రాసి ఉంటే తప్ప వారికి హక్కు రాదు.

ఇక ఇద్దరూ ఒకరేనని చూపడం. గెజెట్‌లో పేరు మార్పు ప్రకటన వేయిస్తే సరిపోతుందని చాలామంది అంటారు. అది బతికి ఉన్న మనిషి తన గురించి తానే వేయించుకోవలసిన ప్రకటన. పోయినవారి తరఫున వారసులు వేయించినా దానికి విలువ లేదు. మీరు వెతకవలసింది రెండు పేర్లూ ఒకే చోట ఉన్న కాగితం. అది ఎక్కువగా ఆశ్రమ స్థలం దస్తావేజులోనో, ట్రస్టు డీడులోనో దొరుకుతుంది. రిజిస్ట్రేషన్‌కు వచ్చిన సన్యాసి తన గుర్తింపు కోసం "పూర్వాశ్రమంలో ఫలానా గ్రామం ఫలానావారి కుమారుడు ఫలానా" అని రాయించడం పరిపాటి. ఆశ్రమం ఉన్న ప్రాంతపు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో స్వామీజీ పేరుతో సూచికలు వెతికించి, సర్టిఫైడ్ నకలు తీసుకోండి. స్థిరాస్తి దస్తావేజుల సూచికలు చూసే హక్కు రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ అందరికీ ఇచ్చింది. పాత సంవత్సరాల దస్తావేజులు కంప్యూటర్ ఈసీలో రావు. వాటి కోసం కార్యాలయంలోనే పుస్తకాలు వెతికించాలి.

ఇక్కడే చాలామంది వదిలేసే బలమైన రుజువు ఒకటుంది. దస్తావేజు రాసిచ్చిన వారి ఎడమ బొటనవేలి ముద్రను సబ్ రిజిస్ట్రార్ తీసుకుంటారు. 1974 క్రయంలో మీ పెదనాన్నగారు కొనుగోలుదారు కనుక అందులో ముద్ర అమ్మినవారిదే ఉంటుంది. కాని 1979కి ముందు ఆయన ఎప్పుడైనా తనఖానో, అమ్మకమో, భాగపరిష్కారమో రాసిచ్చి ఉంటే అందులో పాత పేరు పక్కన ఆయన ముద్ర ఉంటుంది. ఆశ్రమం ట్రస్టు డీడులో కొత్త పేరు పక్కన కూడా ముద్ర ఉంటే, ఆ రెంటినీ నిపుణుడికి పంపమని కోర్టును అడగవచ్చు. పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అన్నీ మారినా వేలిముద్ర మారదు.

ఇవి దొరకకపోతే చిన్న చిన్న ఆధారాలను పేర్చుకోవాలి. ఊరి బడి అడ్మిషన్ రిజిస్టరులో ఆయన పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఉంటాయి. ఆ పుట్టిన తేదీయే ఆశ్రమం చిరునామాతో ఉన్న ఓటరు కార్డులోనో, ఆధార్‌లోనో ఉంటే కోర్టుకు నమ్మకం కలుగుతుంది. పాత ఓటరు జాబితాలో మీ ఇంటి నంబరు దగ్గర 1979 వరకు ఉన్న పేరు ఆ తరువాత మాయమై, ఆశ్రమం జాబితాలో అదే వయసుతో కొత్త పేరు కనిపించడం మరో ఆనవాలు. ఒక స్థానిక సంగతి కూడా గుర్తుంచుకోండి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంతకు ముందు కనిగిరి, పొదిలి, కందుకూరు, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. అందువల్ల ఆయన చదువు నాటి కాగితాలకు దరఖాస్తు పెట్టేటప్పుడు నెల్లూరు జిల్లా, కనిగిరి తాలూకా అని రాయకపోతే రికార్డు లేదన్న జవాబు వచ్చే అవకాశం ఉంది.

మరణ ధ్రువపత్రంలో గురువుగారి పేరుండటం మోసం కాదు. సన్యాసులు పాస్‌పోర్టులో తల్లిదండ్రుల పేర్ల స్థానంలో గురువు పేరు రాసుకునే వీలును 2016 డిసెంబరులో కేంద్రమే ఇచ్చింది, కాకపోతే ఆ గురువు పేరున్న ప్రభుత్వ పత్రం ఒకటైనా చూపాలి.

ప్రజల్లో పేరున్న వారి పూర్వనామం వెతకడానికి కూడా పద్ధతి ఇదే. ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ పూర్వాశ్రమంలో అజయ్ సింగ్ బిష్ట్. ఆయన ఎన్నికల అఫిడవిట్‌లో తండ్రి పేరు స్థానంలో గురువు మహంత్ అవైద్యనాథ్ పేరుంటుంది. అంటే అఫిడవిట్ ఒక్కటే చూసినవారికి కన్నతండ్రి తెలియరు. హైదరాబాదు సంస్థాన పోరాట నాయకుడు స్వామి రామానంద తీర్థ 1952లో సన్యాసనామంతోనే లోక్‌సభకు ఎన్నికయ్యారు. వెంకటేశ్ భగవాన్‌రావు ఖేడ్గీకర్ అన్న ఆయన పూర్వనామం దీక్షకు ముందు కాలపు కాగితాల్లోనే వెతకాలి. ఆంధ్ర రాష్ట్రం కోసం 1951లో నిరాహారదీక్ష చేసిన స్వామి సీతారాం పూర్వనామం గొల్లపూడి సీతారామశాస్త్రి. పాత పేరులో ఒక భాగం మిగిలింది కనుక ఆయన విషయంలో వెతకడం సులువు. ఏ సందర్భంలోనైనా పేరును ఒక్కదాన్నే పట్టుకుని వెతకకండి. ఊరు, పుట్టిన తేదీ, తల్లి పేరు పట్టుకుని దీక్షకు ముందరి సంవత్సరాల్లోకి వెళ్లండి.

మేనత్తగారి వాటాకు మతం అడ్డు కాదు. మతం మారినవారి వారసత్వ హక్కు పోకూడదని 1850 నాటి చట్టమే చెప్పింది, హిందూ వారసత్వ చట్టం కూడా ఆ హక్కును తీసివేయలేదు. బాప్తిస్మం తరువాత ఆమెకు పుట్టిన పిల్లలు మాత్రం, వారసత్వం తెరుచుకునే నాటికి తామే హిందువులై ఉంటే తప్ప, హిందూ బంధువుల ఆస్తికి నేరుగా వారసులు కాలేరని 26వ సెక్షన్ అంటుంది. మేనత్తగారి చేతికి ఒకసారి వచ్చిన ఆస్తి ఆమె నుంచి వారికి రావడానికి ఈ సెక్షన్ అడ్డు రాదు. ఆమెకు మూడు పేర్లు ఉన్నాయి కనుక ఆమె వరుస కూడా కాగితంలో కలపాలి. పుట్టింటి ఇంటిపేరుకు పెళ్లి లగ్నపత్రిక, కొత్త పేరుకు సంఘం బాప్తిస్మ రిజిస్టరు నకలు ఉపయోగపడతాయి. ఆమె బతికే ఉన్నారు కనుక ప్రమాణ పత్రం ఇచ్చి, గెజెట్ ప్రకటన కూడా ఆమే వేయించుకోవచ్చు.

ఈ కాగితాలతో తహసీల్దారుకు రాతపూర్వకంగా మళ్లీ దరఖాస్తు చేయండి. తిరస్కరిస్తే ఆ ఉత్తర్వు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. దాని మీద ఆర్డీవోకు అప్పీలు ఉంది. అయితే ఆశ్రమం కూడా హక్కు చెబుతున్నది కనుక, రెవెన్యూ అధికారి ఈ వివాదాన్ని తేల్చలేరని నా అభిప్రాయం. సివిల్ కోర్టులో మేనత్తగారు, మీ కుటుంబం కలిసి, ఇద్దరూ ఒకే వ్యక్తి అనీ మీరు వారసులనీ ప్రకటించమని దావా వేయండి, ఆశ్రమాన్ని ప్రతివాదిగా చేర్చండి. పొలం ఆశ్రమం స్వాధీనంలో ఉంటే స్వాధీనం కూడా అదే దావాలో అడగాలి, లేకపోతే ప్రకటన ఇవ్వడానికి కోర్టు నిరాకరించవచ్చు. ప్రకటన దావాకు గడువు మీ హక్కును మొదట కాదన్న రోజు నుంచి మూడేళ్లు. ఆశ్రమం వాళ్లు పొలం తమదని మొదటిసారి ఎప్పుడు అన్నారో, నోటిమాటగా అన్నారో కాగితం మీద అన్నారో గుర్తు చేసుకుని, ఆ తేదీతో సహా న్యాయవాదిని కలవండి.