చెంపలు ఎర్రబడ్డాక స్కూలు మాన్పించి లాభం లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి ఏడేళ్లు. పది రోజుల కింద కొంచెం జ్వరం, జలుబు వచ్చి తగ్గాయి. నిన్నటి నుంచి రెండు బుగ్గలూ ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టు ఎర్రగా ఉన్నాయి, చేతుల మీదా దద్దుర్లున్నాయి. డాక్టర్ చూసి ‘ఫిఫ్త్ డిసీజ్’ అన్నారు. మా చెల్లి నాలుగో నెల గర్భిణి, రెండు వారాలుగా మా ఇంట్లోనే ఉంది. వాణ్ణి వేరే గదిలో ఉంచాలా?

జవాబు: అక్కర్లేదమ్మా, ఇప్పుడు వేరుగా ఉంచినా ఉపయోగం లేదు. ఇది పార్వోవైరస్ బి19 వల్ల వస్తుంది. తుమ్మినా దగ్గినా పడే తుంపరల ద్వారా అంటుకునేది ఆ జ్వరం, జలుబు ఉన్న రోజుల్లోనే, అప్పుడు ఎవరైనా మామూలు జలుబే అనుకుంటారు. శరీరం వైరస్‌పై యాంటీబాడీలు తయారుచేసుకున్నాక, వాటి ప్రభావంతో వచ్చేవే ఈ దద్దుర్లు, అంటే అవి కనపడేసరికే అంటించే దశ దాదాపు ముగిసిపోతుంది. బాబు హుషారుగా ఉంటే స్కూలుకి పంపొచ్చు. ఎండలో ఆడినా, వేడినీళ్ల స్నానం చేసినా కొన్ని వారాల పాటు దద్దుర్లు మళ్లీ మళ్లీ తేలుతుంటాయి, జబ్బు తిరగబెట్టిందని కంగారు పడకండి. కాకపోతే తలసీమియా, సికిల్ సెల్ లాంటి రక్త జబ్బులున్న పిల్లల్లో ఇదే వైరస్ కొన్నాళ్లు ఎర్ర రక్తకణాల తయారీనే ఆపేస్తుంది, వాళ్ల నుంచి ఎక్కువ రోజులు అంటుకుంటుంది కూడా. అలాంటి బిడ్డ ఉన్నట్టుండి పాలిపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇక మీ చెల్లెలి సంగతి. పది రోజుల కింద జ్వరమప్పుడు తను ఇంట్లోనే ఉంది కాబట్టి వైరస్ తగిలిందనే అనుకోవాలి. పెద్దవాళ్లలో సుమారు సగం మందికి ఇది చిన్నప్పుడే వచ్చిపోయి ఉంటుంది, వాళ్లకి మళ్లీ రావడం చాలా అరుదు. మీ చెల్లి ఆ సగంలో ఉందో లేదో తెలియాలంటే ఈ వారంలోనే గైనకాలజిస్టుకి విషయమంతా చెప్పి పార్వోవైరస్ ఐజీజీ, ఐజీఎం రక్తపరీక్షలు చేయించండి. ఐజీజీ మాత్రమే పాజిటివ్ వస్తే పాతదే, టెన్షన్ లేదు. రెండూ నెగటివ్ అయితే తనకి రక్షణ లేదని అర్థం, ఇప్పుడే అంటుకుని ఉంటే ఇంత త్వరగా పరీక్షలో పడకపోవచ్చు కాబట్టి సుమారు నాలుగు వారాలకి మళ్లీ చేయాలి. ఈలోగా ఒళ్లంతా బాగానే ఉంది కదా అని వదిలేయకండి, పెద్దవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ కనపడదు, కొందరికి కీళ్ల నొప్పులే వస్తాయి.

ఐజీఎం పాజిటివ్ వచ్చి, ఈమధ్యే అంటుకుందని తేలినా ఎక్కువ మంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు, అబార్షన్ గురించి ఎవరైనా మాట్లాడితే వినకండి. అసలు భయం ఏమిటంటే, వైరస్ కడుపులో బిడ్డ ఎర్ర రక్తకణాలు తయారయ్యే చోట దాడి చేస్తుంది. దాంతో కొద్దిమందిలో రక్తహీనత తీవ్రమై, బిడ్డ గుండె అలసి ఒంట్లో నీరు చేరుతుంది, గర్భం పోయే ప్రమాదమూ ఉంటుంది, అదీ ఎక్కువగా మొదటి 20 వారాల్లో అంటుకున్నప్పుడే. అందుకే వారానికో రెండు వారాలకో స్కాన్ చేస్తూ, బిడ్డ మెదడుకెళ్లే రక్తనాళంలో ప్రవాహ వేగాన్ని డాప్లర్‌తో చూస్తారు. రక్తం పల్చబడితే వేగం పెరుగుతుంది. అవసరమైతే కడుపులో ఉండగానే బొడ్డుతాడు ద్వారా రక్తం ఎక్కిస్తారు.

చివరిగా ఒక మాట, గైనకాలజిస్టుని కలిసినప్పుడు రుబెల్లా రక్షణ ఉందో లేదో కూడా అడగండి, పైకి ఇలాంటి దద్దుర్లే కనిపించినా గర్భిణులకి అది ఇంకా పెద్ద సమస్య.