మాస్టర్ గారు మెసేజ్ చూశారు, జవాబివ్వలేదు

ప్రశ్న: మేడమ్, నాకు 21 ఏళ్లు. మాది తెనాలి. బీకాం అయింది కానీ రెండు పేపర్లు మిగిలాయి. నాన్న ఆటో నడుపుతారు. అమ్మ కుట్టుమిషన్ మీద ఇంట్లోవాళ్లకు ఆరు జాకెట్లు కుట్టాను. నాకు ఈ పని మీదే మనసు. మా బజార్లో ఒక లేడీస్ టైలర్ షాపు ఉంది. మాస్టర్ గారు, ఇద్దరు పనివాళ్లు ఉంటారు. వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు ఆయనకు వాట్సాప్‌లో ఇలా పెట్టాను: "రెస్పెక్టెడ్ సర్, నేను బాగా హార్డ్ వర్క్ చేస్తాను. టైలరింగ్ నా ప్యాషన్. మీ సంస్థలో అప్రెంటిస్‌గా అవకాశం ఇవ్వగలరు. స్టైపెండ్ వివరాలు తెలుపగలరు." నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. నాన్నకు ఈ సంగతి తెలియదు. తెలిస్తే "డిగ్రీ చదివించింది ఆడవాళ్ల జాకెట్లు కుట్టడానికా" అంటారు. మళ్లీ మెసేజ్ పెట్టాలా, వదిలేయాలా?

జవాబు: మళ్లీ పెట్టు బాబూ. జవాబు రాలేదంటే ఆయన నిన్ను వద్దన్నట్టు కాదు. మా మేనమామది కూడా లేడీస్ టైలరింగే. వ్రతానికి రెండు రోజుల ముందు ఆ షాపు ఎలా ఉండేదో నాకు బాగా గుర్తుంది. కౌంటర్ మీద ఆది జాకెట్ల మూటలు, గుమ్మంలో "ఇవాళే ఇస్తానన్నారుగా" అంటూ నలుగురు ఆడవాళ్లు, లోపల భోజనం క్యారియర్ మూత కూడా తీయకుండా ఉండేది. అలాంటి రోజున ఎంత మంచి మెసేజ్ వచ్చినా చూసి పక్కన పెట్టేస్తారు, తర్వాత మర్చిపోతారు.

ఈసారి వినాయక చవితి వెళ్లేదాకా ఆగు. భాద్రపదంలో పెళ్లిళ్లు ఉండవు. పౌర్ణమి తర్వాత వచ్చే పితృపక్షాల్లో కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్లూ తక్కువే. దసరా పని మీద పడేలోపు మాస్టర్‌కు తల ఎత్తి చూసే తీరిక దొరికేది అప్పుడే. మధ్యాహ్నం భోజనాలయ్యాక, రెండున్నర మూడు ప్రాంతంలో పంపు. సాయంత్రం ఐదు దాటితే మళ్లీ కస్టమర్లు మొదలవుతారు.

ఇక మెసేజ్ సంగతి. నువ్వు పెట్టింది బ్యాంకుకో కాలేజీకో పెట్టాల్సిన దరఖాస్తులా ఉంది. ముగ్గురు పనిచేసే షాపును "సంస్థ" అంటే ఆయనకు ఎవరో తెలియని మనిషి రాసినట్టు ఉంటుంది. అసలు చెప్పాల్సింది అందులో ఒక్కటీ లేదు. నువ్వు ఎవరివి, ఎక్కడుంటావు, ఇప్పటిదాకా ఏం కుట్టావు, ఎప్పుడు రాగలవు, ఇంట్లో తెలుసా? మాస్టర్ తెలుసుకోవాలనుకునేది ఇదే.

ఇంట్లో తెలుసా అన్న ప్రశ్న చిన్నది కాదు. మా మేనమామ ఒకసారి ఓ కుర్రాణ్ణి చేర్చుకున్నాడు. పదిహేను రోజులకు వాళ్ల నాన్న షాపు ముందుకొచ్చి, కస్టమర్లు చూస్తుండగా "మా వాణ్ణి చెడగొడుతున్నావు" అని కేకలేసి వెళ్లాడు. ఆ తర్వాత ఎవరొచ్చినా మామయ్య మొదట అడిగిన మాట "ఇంట్లో చెప్పావా?" అనే.

ఆయనకు ఇంకో భయం కూడా ఉంటుంది. కొత్తవాడు వస్తే మొదటి రెండు నెలలూ ఆయన పని తగ్గుతుందే తప్ప పెరగదు. ప్రతి అరగంటకూ లేచి వచ్చి చూడాలి, తప్పు కుట్టు విప్పించాలి. ఒక్క పట్టు జాకెట్టు ముక్క పాడైతే ఆ కస్టమర్‌కు డబ్బు కట్టాల్సింది ఆయనే. ఇంత చేసి నేర్పిస్తే రేపు ఎదురుగా బోర్డు పెట్టుకుంటారేమో అన్న అనుమానం కూడా ఉంటుంది. నీ మెసేజ్ ఆ భయాలను కొంచెమైనా తగ్గించాలి. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్తే మాస్టర్ గారూ. నా పేరు (నీ పేరు రాయి). మన బజార్లోనే ఉంటాం. మా అమ్మ జాకెట్లు మీ దగ్గరే కుట్టించుకునేది. నాకు 21 ఏళ్లు. ఇంట్లో తొక్కుడు మిషన్ మీద ఆరు జాకెట్లు కుట్టాను. పవర్ మిషన్ అలవాటు లేదు. కాజాలు, హుక్కులు, చేతి హెమ్మింగ్ వచ్చు. చంక దగ్గర ముడత పడుతోంది, ఎందుకో తెలియడం లేదు. ఫోటో పెడుతున్నాను. మీ దగ్గర పని నేర్చుకోవాలని ఉంది. సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది వరకు రాగలను. రెండు పేపర్లు ఉన్నాయి, ఆ పరీక్షల రోజుల్లో మాత్రం సెలవు కావాలి. ఇంట్లో చెప్పాను. మీకు వీలైన రోజు మధ్యాహ్నం ఒకసారి వచ్చి కలవనా?"

ఇందులో నిజం కానిది ఏదైనా ఉంటే తీసెయ్. కాజా కుట్టడం రాకపోతే వచ్చని రాయకు. మొదటి రోజే చేతికి సూది ఇస్తారు, ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

చంక ముడత సంగతి మాత్రం నీ పనిలో నిజంగా ఉంటే తప్పకుండా రాయి. ఫోటో కోసం అన్నిటికంటే బాగా వచ్చిన జాకెట్టును వెతుక్కోకు. ముడత పడుతున్నదాన్నే తీసుకో. ఒకటి వేసుకుని ఉండగా తీసినది (అమ్మ మెడ కింది భాగం చాలు, ముఖం అక్కర్లేదు), రెండోది జాకెట్టును తిరగేసి తీసినది. మాస్టర్ చూసేది లోపలి వైపే. కుట్టు నిటారుగా పోయిందా, పక్కల మడత ఎంత వదిలావు, అంచులు పోగులు లేచాయా, చేయి అతికిన చోట బట్ట గుబ్బగా లేచిందా అన్నవి అక్కడే కనిపిస్తాయి. పక్కల బట్ట బొత్తిగా వదలకపోతే జాకెట్టు బిగుతైన రోజున వదులు చేయడానికి వీలుండదు. అది ఆయన ఒక్క చూపులో పట్టేస్తారు. చంక ముడత చాలాసార్లు ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ ఒకే గుండ్రంతో కత్తిరించడం వల్ల వస్తుంది. ముందు చంకను వెనకదాని కంటే కొంచెం లోపలికి తవ్వాలి, సుమారు అరంగుళం. నీది అదేనో కాదో ఆయన చూసి చెప్తారు. "ఇలా తవ్వు" అని ఒక్క మాట రాసి పంపినా చాలు, పాఠం మొదలైనట్టే.

జీతం మాట మెసేజ్‌లో పెట్టకు. అలాగని అడగనే వద్దనడం లేదు. అడగాల్సింది కలిసినప్పుడు, పనిలో కూర్చునే ముందు. అప్రెంటిస్‌ల చట్టం 1961 నుంచి ఉంది. దాని కింద చేరినవాళ్లకు నెలకు ఇంత అని కనీస స్టైపెండ్ ఉంటుంది. కానీ నలుగురి కంటే తక్కువ మంది పనిచేసే షాపు ఆ పద్ధతిలో అప్రెంటిస్‌ను పెట్టుకోవడానికి వీల్లేదు. మీ మాస్టర్ షాపులో ముగ్గురే కాబట్టి అక్కడ నోటి మాటే ఒప్పందం. అందుకే మాట తేటగా ఉండాలి. "మాస్టర్ గారూ, మొదట్లో డబ్బు అడగను. ఒక జాకెట్టు మొత్తం నేనే కుట్టి మీరు కస్టమర్‌కు ఇచ్చే రోజు నుంచి పీసుకు ఎంతిస్తారు?" అని అడుగు. ఆ రోజు రావడానికి ఎన్ని నెలలు పడుతుందని ఆయన అనుకుంటున్నారో అదీ అడుగు. పొరపాటున ముక్క పాడైతే ఎలా అన్నదీ ముందే మాట్లాడుకో. మొదట్లో పట్టు, వర్క్ బట్టలు ముట్టుకోనని, టూ బై టూ జాకెట్లతోనే నేర్చుకుంటానని నువ్వే చెప్పు.

పని వరుస ఇలా ఉంటుంది. ముందు హుక్కులు, కాజాలు, హెమ్మింగ్, ఇస్త్రీ. తర్వాత లైనింగ్ అతకడం, చేతులు కుట్టడం. ఆ తర్వాత మాస్టర్ కత్తిరించిన జాకెట్టును మొత్తం కుట్టడం. కత్తెర చేతికి వచ్చేది ఆఖరున. అది అన్యాయం కాదు. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కత్తిరింపు తప్పితే బట్ట పోయినట్టే. అయితే నాలుగో నెల దాటినా హుక్కులు, టీలు తేవడం తప్ప ఇంకేమీ లేకపోతే, కటింగ్ బల్ల దగ్గర నిలబడితే "నీ పని చూసుకో" అంటుంటే, అక్కడ నీకు నేర్పే ఉద్దేశం లేదని తెలుసుకో. ముందు ఒకసారి మర్యాదగా అడిగి చూడు: "మీరు కత్తిరించిన సాదా జాకెట్టు ఈ వారం ఒకటి నాకివ్వండి, మొత్తం కుట్టి చూపిస్తాను." రెండుసార్లు అడిగినా ఇవ్వకపోతే ఇంకో షాపు చూసుకో.

అక్కడికి వచ్చేది ఆడవాళ్లు. నువ్వు కుర్రాడివి. కొలతలు తీసే పని చాలాకాలం నీది కాదు, ఆది జాకెట్టు మీద కొలవడం నేర్చుకుంటే చాలు. షాపులో ఉన్నంతసేపూ ఫోన్ సంచిలో పెట్టుకో. కుట్టింది ఫోటో తీసుకోవాలనిపిస్తే మాస్టర్‌ను అడిగి, జాకెట్టు హ్యాంగర్‌కు ఉన్నప్పుడు తీసుకో. ఈ విషయంలో ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆ బజార్లో నిన్ను ఇంకెవరూ చేర్చుకోరు.

మరి నాన్న. మెసేజ్‌లో "ఇంట్లో చెప్పాను" అని రాయాలంటే ముందు చెప్పాలి కదా. అమ్మను మధ్యవర్తిగా పంపకు, నువ్వే చెప్పు. ఆయన నిన్ను తక్కువ చేయాలని ఆ మాట అనరు. ఎండలో ఆటో తోలి ఫీజులు కట్టిన మనిషికి ఆ డిగ్రీ ఎంత ఖర్చో తెలుసు. ఆ రెండు పేపర్లు అలా మిగిలిపోవడమే ఆయన అసలు బాధ అని నాకనిపిస్తోంది. కాబట్టి పేపర్ల సంగతితో మొదలుపెట్టు. ఏ పేపరు ఎప్పుడు రాస్తావో, రోజూ ఏ గంటలో చదువుతావో చెప్పు, ఫీజు కట్టిన రసీదు చూపించు. ఆ తర్వాత ఆరు నెలలు గడువు అడుగు. ఆరు నెలల్లో మాస్టర్ నాకు పూర్తి జాకెట్టు కుట్టే పని ఇవ్వకపోతే మీరు చెప్పినట్టు వింటానని చెప్పు. అరుస్తారు. ఎదురు చెప్పకుండా వినేసి, రెండు రోజులాగి మళ్లీ మాట్లాడు. అప్పటికీ ఒప్పుకోకపోతే మెసేజ్‌లో ఆ మాట దాచకు. "అమ్మకు ఇష్టమే, నాన్న ఇంకా ఒప్పుకోలేదు, కానీ ఆయనకు తెలుసు" అని రాయి.

మాస్టర్ రమ్మంటే మొదటి రోజు అమ్మనో మేనమామనో వెంట తీసుకెళ్లు. తాంబూలంలో రెండు పళ్లు పెట్టి ఇప్పించు. ఆ పద్ధతి ఆయనకు తెలుసు. దాంతో నీ వెనక ఇల్లు ఉందని ఆయనకు అర్థమవుతుంది. నాన్నే వస్తే మరీ మంచిది.

ఈలోపు ఖాళీగా ఉండకు. గీతల నోటుబుక్కులో కాగితం చించి, మిషన్‌కు దారం ఎక్కించకుండా ఆ గీతల మీద కుట్టు. సూది చిల్లులు గీత దాటి ఎక్కడ పక్కకు పోతున్నాయో చూసుకో. మూలల దగ్గర ఆపి, సూది దిగి ఉండగానే కాగితం తిప్పడం అలవాటు చేసుకో. పవర్ మిషన్ మీద కొత్తవాళ్ల కాలు బరువుగా పడి గుడ్డ చేతిలోంచి జారిపోతుంది. కాలు తేలిగ్గా వేయడం ఇంట్లోనే వస్తే అక్కడ నీకు తొందరగా కుదురుతుంది.

ఒకవేళ ఆయన "ఇప్పుడు మనిషి అక్కర్లేదు" అంటే సరేనని, "దసరా ముందు వారం హుక్కులకు, హెమ్మింగ్‌కు మనిషి కావాలంటే పిలుస్తారా? లేకపోతే మీరే ఇంకో మాస్టర్ దగ్గరికి పంపిస్తారా?" అని అడుగు. పండగ ముందు చేతులు చాలక వాళ్లే ఫోన్ చేసి పిలిచే రోజులు ఉంటాయి.