ఈఎంఐ తగ్గింది సరే, ఫీజు తిరిగొచ్చేది ఎప్పుడు?

ప్రశ్న: నా లోన్ ఇంకా 20 లక్షలుంది, 120 నెలలు మిగిలాయి. వడ్డీ 9.5 శాతం, ఈఎంఐ రూ.25,880. వేరే సంస్థ 8.75 శాతానికి, 15 ఏళ్లకు ఇస్తానంటోంది, ఈఎంఐ రూ.19,989 అవుతుందట. మారడానికి మొత్తం ఖర్చు రూ.30,000. నెలకు 5,891 మిగులుతుంది కాబట్టి ఆరు నెలల్లో ఖర్చు తిరిగొచ్చేస్తుంది కదా? ఫీజు అత్యవసరానికి దాచిన 60,000లోంచి కడతాను. 3 లక్షల టాపప్ కూడా ఇస్తామంటున్నారు.

జవాబు: ఆరు నెలల్లో రాదండి. ఈ లెక్కలో పొరపాటు చాలామంది చేసేదే. మీకు మిగిలేది 5,891 కాదు. అదే 120 నెలలకు 8.75 శాతం వేసి చూడండి, ఈఎంఐ 25,065 అవుతుంది. అంటే వడ్డీ తగ్గినందుకు దిగింది 815 మాత్రమే. మిగతా ఐదు వేలు గడువు ఐదేళ్లు పెరగడం వల్ల దిగినవి. ఆ 19,989ని 180 నెలలు కడితే, ఇప్పటి లోన్‌కు కట్టబోయే మొత్తం కంటే దాదాపు 4.92 లక్షలు ఎక్కువవుతుంది. ఫీజు దీనికి అదనం.

సరైన లెక్క కోసం వడ్డీ తేడానే చూడండి. 20 లక్షల మీద 0.75 శాతం అంటే నెలకు 1,250. ముప్పై వేలను దాంతో భాగిస్తే 24 నెలలు. అసలు తగ్గేకొద్దీ ఈ 1,250 కూడా తగ్గుతుంది. కానీ పాత ఈఎంఐ 25,880నే కొత్త సంస్థకూ కడుతూ పోతే మిగిలిన వడ్డీ నెలనెలా అసలులోకి వెళ్లి ఆ లోటు పూడుస్తుంది. నెలవారీగా లెక్కేసి చూశాను, 24వ నెలలోనే ఫీజు పూర్తిగా తిరిగొస్తుంది. లోన్ కూడా దాదాపు ఆరు నెలల ముందే తీరుతుంది. రెండేళ్లలోపు లోన్ తీర్చేసే ఆలోచన ఉంటే మాత్రం మారకండి. కొత్త రేటు మొదటి కొన్ని నెలలకేనా అన్నది కూడా కాగితం మీద చూసుకోండి, ఆ తర్వాత పెరిగితే ఈ 24 చెల్లదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ 60,000. అది రెండున్నర ఈఎంఐలకు కూడా సరిపోదు. అందులో సగం ఫీజుకు పోతే మిగిలేది ఒక్క ఈఎంఐ, పైన నాలుగు వేలు. ఆ ఫీజు తిరిగొచ్చేదాకా రెండేళ్లు మీరు అంత పల్చటి నిల్వతో ఉండాలి. పైగా తిరిగొచ్చేది చేతికి రాదు, అసలు తగ్గుదలగా వస్తుంది. మధ్యలో రెండు నెలలు జీతం ఆగితే ఏం చేస్తారు? ఈఎంఐ తప్పితే పడే పెనాల్టీ, దెబ్బతినే క్రెడిట్ స్కోరు ఈ 1,250ని మింగేస్తాయి. అందుకే ఆ డబ్బు ముట్టుకోవద్దు. ఫీజును విడిగా ఆరు నెలల్లో కూడబెట్టండి. ఆలస్యానికి మీకయ్యే నష్టం 7,500 లోపే. ఆ తర్వాత కూడా ఆరు నెలల ఈఎంఐలు, ఇంటి ఖర్చులు పక్కన చేరేదాకా నిల్వ పెంచుతూనే ఉండండి.

ఈలోపు పాత సంస్థనే రేటు తగ్గించమని అడగండి, చిన్న ఫీజుతో ఒప్పుకుంటే మారే పనే లేదు.

ఇక టాపప్. ఏ అవసరానికో మీరే రాయలేదు! అవసరమే లేని 3 లక్షలకు పదిహేనేళ్లు వడ్డీ కట్టడమేంటండీ? దయచేసి ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మారేటప్పుడు గడువు 120 నెలలనే రాయించుకోండి.