చేతుల వణుకు ఏ మందు వల్ల?

"కావలిలో అమ్మకి రిస్పెరిడోన్, ఎస్సిటాలోప్రామ్ రెండూ రాశారు. పది రోజులుగా చేతులు వణుకుతున్నాయి. ఏది ఆపాలి?"

ఎక్కువ అనుమానం రిస్పెరిడోన్ మీదే. మెదడులో కబుర్లు మోసే రసాయనం డోపమైన్. నాడీకణాలు దాన్ని అందుకునే చోట ఈ మందు అడ్డం కూర్చుంటుంది. భ్రమలు తగ్గేది అందుకే. కానీ కదలికలకూ డోపమైనే కావాలి, అందుకే వణుకు, బిగుసుకున్న నడక.

ఎస్సిటాలోప్రామ్ దిగులు, ఆందోళనలకి ఇచ్చే మందు, దాని పని వేరు. సెరటోనిన్ అనే మరో రసాయనాన్ని నాడీకణం వెనక్కి లాక్కోకుండా ఆపుతుంది. దీనివల్లా సన్న వణుకు రావచ్చు.

అందరూ వదిలేసేది ఇదే:

1. చెయ్యి ఊరికే ఒళ్లో ఉన్నప్పుడు వణుకుతోందా, కాఫీ గ్లాసు ఎత్తినప్పుడా? రెండూ వీడియో తీయండి. మొదటిదైతే రిస్పెరిడోన్ అనుమానం బలపడుతుంది.
2. డోసు పెంచిన తేదీతో డాక్టరుకి చూపించండి. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దమ్మా.
3. ఒళ్లు కొయ్యబారి, జ్వరం ఎక్కువైతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.